రెండు పుట్టినరోజుల సంజాయిషీ

దంతెవాడలో నేను నర్సుగా చేరిన సంస్థ గర్భిణులకూ బాలింతలకూ ఊళ్లలోకి వెళ్లి వైద్యం చేస్తుంది. చేరిన మూడో నెలలో రాయపూర్‌లోని పెద్దాఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. మా ఆఫీసు ఇన్‌చార్జి దాన్ని ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టాడు. పదో తరగతి మెమోలో నా పుట్టిన తేదీ జూన్ నెలలో ఉంది. ఆధార్‌లో జనవరి ఒకటి ఉంది. నెలల తేడా మాత్రమే అయితే ఎవరూ పట్టించుకోకపోయేవారేమో. రెండింటికీ మధ్య రెండున్నరేళ్లు. ఆధార్ ప్రకారం నేను పెద్దదాన్ని, మెమో ప్రకారం చిన్నదాన్ని.

ఉద్యోగంలో చేరినప్పుడు నా ఫైలు మెమో చూసి రాశారు. పీఎఫ్ నంబరు మాత్రం ఆధార్‌తో పుట్టింది, అది ఆధార్‌లో ఉన్న తేదీనే తీసుకుంటుంది. ఇన్సూరెన్సుకు పేర్లు పంపేటప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లెవరో పట్టుకున్నారు. తేడా ఎందుకొచ్చిందో రాతపూర్వకంగా వివరించాలి, ఏ తేదీని సరైనదిగా తీసుకోవాలో చెప్పాలి, ఆధారపత్రాల నకళ్ల మీద సంతకం చేసి జతపరచాలి. పదిహేను రోజుల గడువు.

ఇన్‌చార్జి యాభై దాటిన మనిషి, జగదల్‌పూర్ వాడు. హిందీలో మాట్లాడతాడు, ఎవరినైనా నొప్పించకుండా పని జరిపించుకోవడం అలవాటు.

"ఇందులో ఏముంది సిస్టర్? ఆధార్‌లో తప్పు పడింది, మెమోలో ఉన్నదే నిజమైన తేదీ అని నాలుగు లైన్లు రాసెయ్. సాయంత్రం స్కాన్ చేసి పంపేస్తా" అన్నాడు.

నేను తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. మొదటి లైను వచ్చింది. రెండో లైను దగ్గర కలం ఆగింది. మెమోలో ఉన్నది నిజమైన తేదీ కాదని నాకు తెలుసు.

మాది కోంటా వైపు, గొల్లపల్లి దగ్గర ఒక పల్లె. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ ప్రాంతంలో గొడవలు ముదిరి బడులు మూతపడ్డాయి. చాలా కుటుంబాల్లాగే మా వాళ్లూ సరిహద్దు వాగు దాటి భద్రాచలం వైపు అడవిలో గుడిసెలు వేసుకున్నారు. బడి లేని పిల్లల కోసం అక్కడ ఒక శిబిరం నడిచేది. ఓ మాస్టారు చెట్టు కింద కుర్చీ వేసుకుని మా పేర్లు రాసుకున్నారు. పుట్టిన తేదీ అడిగితే ఎవరి తల్లిదండ్రులూ చెప్పలేకపోయారు. ఆయన పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఎవరు ఏ తరగతిలో కూర్చోగలరో చూసి, ఆ తరగతికి సరిపోయే ఏడాది వేశారు. బడులు తెరిచేది జూన్ కాబట్టి నెల జూన్. మా తరగతిలో సగం మంది జూన్‌లోనే పుట్టాం. ఆ తేదీ బడి రిజిస్టరులోంచి పదో తరగతి మెమోకి, అక్కడి నుంచి నర్సింగు సర్టిఫికెట్లకూ నర్సింగు కౌన్సిల్ రిజిస్ట్రేషనుకూ వెళ్లింది.

ఆధార్ కథ వేరు. ఒక ఎండాకాలం సెలవుల్లో కోంటాలో సంత రోజున క్యాంపు పెడితే అమ్మ మమ్మల్ని తీసుకెళ్లింది. అప్పటికి మా వాళ్లు ఊరికి తిరిగొచ్చారు. ఆపరేటర్ హిందీలో "ఉమర్?" అని వయసు అడిగాడు. అమ్మ తనకు తోచింది చెప్పింది. వయసు మాత్రమే తెలిస్తే, దాన్ని బట్టి లెక్కకొచ్చిన ఏడాదికి జనవరి ఒకటి పడుతుంది. నాకూ తమ్ముడికీ అమ్మకూ ముగ్గురికీ జనవరి ఒకటే.

కాబట్టి ఏది తప్పు, ఏది నిజం అని రాయాలో నాకు అర్థం కాలేదు. ఇన్‌చార్జికి ఇదంతా చెప్పి, శనివారం ఊరికి వెళ్లొచ్చి రాస్తానన్నాను. "వెళ్లిరా. కానీ మీ అమ్మ చెప్పింది రాయపూర్‌లో నడవదు, అది గుర్తుంచుకో" అన్నాడు.

దంతెవాడ నుంచి సుక్మాకు బస్సు, అక్కడి నుంచి కోంటాకు ఇంకో బస్సు, ఆ తర్వాత జీపు. ఇంటికి చేరేసరికి అమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. నేను వచ్చిన పని చెప్పాను.

"నువ్వు ఎప్పుడు పుట్టినవో ఆఫీసోళ్లకు ఎందుకంటా? పని చేస్తున్నవ్ కదా?" అంది.

"కాగితాల్లో రెండు రకాలుగా ఉందమ్మా. ఏది నిజమో రాయమంటున్నారు."

"ఏందది, రెండు రకాలు ఎట్ల పుడతరు?" అమ్మ గింజను పక్కకు వేసింది. "ఇప్పపూలు రాలే కాలం. పొద్దున పోయి ఏరుకుంటున్న. గంప సగం కూడ కాలే, నొప్పులొచ్చినయ్. మీ నాయనమ్మ గంప ఎత్తుకుంది, నేను నిన్ను ఎత్తుకున్న."

ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. రెండు కాగితాల్లోనూ ఆ నెల లేదు.

"ఏ ఏడు?" అని అడిగాను.

ఏడు చెప్పడం అమ్మకు కష్టమైంది. తాత చనిపోయిన ఏడు, ఎడ్లు పోయిన ఏడు అంటూ లెక్క పెట్టింది, మధ్యలో తప్పిపోయింది. చివరికి తమ్ముడి పుట్టుకను పట్టుకుంది. "వాడు కడుపుల ఉన్నప్పుడు నువ్వు నా కొంగు పట్టుకుని చేను దాక నడిచేటిదానివి. మాటలు బాగొచ్చినయ్. వాణ్ని చూసి, ఈడెవడు, బయట పడెయ్ అన్నవ్."

అక్కడే పొయ్యి దగ్గర కూర్చున్న తమ్ముడు తలెత్తాడు. వాడి ఆధార్ తీసి చూశాం. అందులోని తేదీకీ నా మెమోలోని తేదీకీ ఐదు నెలల తేడా ఉంది, అదీ వాడే పెద్దవాడయ్యేలా. మెమో నిజమైతే నేను వాడికి చెల్లెల్ని.

"అయితే ఇయ్యాల్టి నుంచి నువ్వు నన్ను అన్నా అనాలె" అన్నాడు వాడు.

అమ్మ చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను గానీ నా బుర్ర ఉత్తరం మీదే ఉంది. అమ్మ చెప్పినదాన్ని బట్టి ఆధార్‌లోని ఏడాదే నిజానికి దగ్గర. కానీ నా చదువు కాగితాలన్నీ మెమో తేదీ మీద నడుస్తున్నాయి. పదో తరగతి మెమోను ఎవరూ మార్చరు. బోర్డు దగ్గరికి వెళితే బడి రిజిస్టరు అడుగుతుంది, రిజిస్టరులో ఉన్నదీ మాస్టారు వేసిన తేదీయే. మార్చగలిగేది ఆధార్ ఒక్కటే.

తిరిగొచ్చాక ఉత్తరం హిందీలో రాశాను. మొదటి పేరాలో రెండు తేదీలు, ఏ కాగితంలో ఏది ఉందో. రెండో పేరాలో ఇలా రాశాను: "నా పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. బడిలో తేదీని ఉపాధ్యాయుడు అంచనాతో వేశారు. ఆధార్‌లో తేదీని నా తల్లి చెప్పిన వయసును బట్టి వేశారు. రెండూ కచ్చితమైనవి కావు. వీటిలో ఏదీ నేను లాభం కోసం వేయించుకున్నది కాదు." మూడో పేరాలో అడగవలసింది అడిగాను. బోర్డు ఇచ్చిన మెమోలోని తేదీనే నా సర్వీసు ఫైలులో ఉంచండి, ఆధార్‌ను దానికి అనుగుణంగా సరిచేయించుకోవడానికి రెండు నెలల సమయం ఇవ్వండి, అది సరయ్యాక పీఎఫ్ ఖాతాలో తేదీ మార్చాలన్న నా దరఖాస్తును ఆమోదించండి.

ఇన్‌చార్జి చదివి కళ్లద్దాలు తీశాడు.

"మూడో పేరా బాగుంది. ఈ రెండోది ఏంటి? రెండూ కచ్చితం కావు అని నువ్వే రాస్తే, వాళ్లు దేన్ని నమ్మాలి?"

"నమ్మమనడం లేదు సార్. రికార్డుగా దేన్ని ఉంచుకోవాలో చెబుతున్నా. మెమోయే నిజం అని సంతకం పెడితే అబద్ధం అవుతుంది."

"ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. సంతకం నాది కదా."

ఆయన ఉత్తరాన్ని, రెండు నకళ్లను ఉన్నదున్నట్టు పంపాడు. ఆ వారం నాకు కొంచెం భయం వేసిన మాట నిజం. ప్రొబేషన్‌లో ఉన్నదాన్ని, తీసేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

శుక్రవారం రాయపూర్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది సిబ్బంది వ్యవహారాలు చూసే మేడం. గొంతులో తొందర ఉంది, కోపం లేదు.

"మీ ఉత్తరం చదివాను. నర్సింగు రిజిస్ట్రేషన్‌లో ఏ తేదీ ఉంది?"

"మెమోలో ఉన్నదే మేడం."

"ఇంతకుముందు ఎక్కడైనా పీఎఫ్ ఉందా?"

"లేదు. ఇదే మొదటిది."

"అయితే ఇబ్బంది లేదు. మేం పుట్టుక గురించి తీర్పు చెప్పం. బోర్డు సర్టిఫికెట్ ఉంటే అదే రికార్డు. ఆధార్ మార్పించి రసీదు పంపండి. ఒకటి గుర్తుంచుకోండి, ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మారుస్తారు. తప్పు కొట్టించుకున్నారంటే మళ్లీ చాలా తిప్పలు." ఆగి, "మీ ఊళ్లో అందరికీ ఇంతేనా?" అని అడిగింది.

"చాలామందికి మేడం."

"ఊఁ" అని పెట్టేసింది.

ఆధార్ సెంటర్‌లో అసలు మెమో స్కాన్ చేశారు, వేళ్లూ కళ్లూ తీసుకున్నారు. తెర మీద తేదీని ఆపరేటర్ పైకి చదివాడు. నేను వేలితో ఒక్కో అంకె చూపిస్తూ సరిచూసుకున్నాను. ఆ రోజు రెండున్నరేళ్లు చిన్నదాన్నయ్యాను. ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. బయటికొచ్చి టీ తాగి ఫీల్డుకు వెళ్లాను. మూడు వారాలకు మెసేజ్ వచ్చింది, మారిందని. పీఎఫ్ దరఖాస్తును ఆన్‌లైన్‌లో పెట్టాను, మెమో జతచేశాను, రాయపూర్ ఆమోదించి పంపింది. అది సరయ్యేసరికి వానలు మొదలయ్యాయి.

ఆ తర్వాత మా ఆఫీసులో మరో నలుగురికి అలాంటి మెయిల్సే వచ్చాయి. ఇద్దరు ఆయాలు, ఒక డ్రైవరు, ఒక ఫీల్డు వర్కరు. ఇన్‌చార్జి నా ఉత్తరాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి, పేర్లూ తేదీలూ ఉన్నచోట ఖాళీలు పెట్టి నమూనా చేశాడు. వాళ్ల వాళ్ల వివరాలు నింపిపెట్టమని నాకే ఇచ్చాడు. తెరిచి చూస్తే రెండో పేరా లేదు. దాని స్థానంలో "అవగాహన లోపం వల్ల" అన్న ఒక్క ముక్క ఉంది.

డ్రైవరు నా ఎదురుగా కూర్చున్నాడు. మద్దేడ్ వైపు మనిషి, వయసులో నాకంటే చాలా పెద్ద. "నీకు ఎందుకు తేడా వచ్చింది అన్నా?" అని అడిగాను.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఆ ముక్క కొట్టేసి, ఆయన చెప్పింది టైపు చేయసాగాను.