అక్క దుకాణాన్ని దొంగదన్నారు

నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో, మేడ మీద ఒక గదిలో కూర్చొని దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఒకరోజు బోధన్ నుంచి ఒక అక్క వచ్చింది. ఇంట్లోనే పసుపు, కారం, పచ్చళ్లు తయారుచేసి అమ్ముతుంది. వ్యాపారమంతా సోషల్ మీడియాలో ఒక పేజీ మీదే. ప్రతి శుక్రవారం లైవ్ వీడియో పెట్టి ఘుమఘుమలాడే కారం గిన్నెలో పోసి చూపిస్తే, కింద కామెంట్లలో "నాకు రెండు కిలోలు" అని రాసేవారు.

అంతకు ముందు ఎవరో తప్పుడు ఫిర్యాదు చేయడంతో ఆ పేజీ కొన్నాళ్లు మూతపడింది. అక్క భయమల్లా అదే.

"చెల్లే, నా గిరాకీలంత ఆ పేజీలనే ఉన్నరు. అది మల్ల మూస్తే వాళ్లను నేను యాడ దేవులాడాలె? అడ్రసులు, నంబర్లు అన్ని ఆ పేజీ మెసేజులల్లనే ఉన్నయి, నా కాడ ఏం రాసి లేవు."

సొంత పేరు మీద సొంత సైటు ఉండాలన్నాను. మురిసిపోతూ చేశాను కూడా. తెల్లని పేజీలు, మెరిసే ఫొటోలు, గ్రాంథికంగా "దయచేసి మీ కార్టును పరిశీలించండి" అనే మాటలు. పాత పేజీలో ఒక ప్రకటన వేయించాను: ఇకపై కామెంట్లలో ఆర్డర్లు తీసుకోము, వెబ్‌సైటులోనే కొనండి.

ఆర్డర్లు రాలేదు. వచ్చింది రెంజల్ నుంచి ఒకామె ఫోను. ఆమె అక్క దగ్గర మొదటి నుంచీ కొనే గిరాకీ. ఆ సమయానికి నేను అక్క వంటింట్లోనే ఉన్నాను. ఫోను స్పీకర్‌లో ఉంది.

"అక్కా, నీ పేరు మీద ఎవడో దొంగ దుకాణం వెట్టిండు! నీ పేజీ గూడ వాని చేతులకే పోయినట్టుంది. నేను అందరికి చెప్పిన, పైసలు కట్టకుండ్రి అని."

"గది నాదేనే!"

"నీదెట్లయితది? నువ్వెప్పుడన్న 'దయచేసి' అన్నవా?"

అక్క నా వైపు చూసింది. నేను పచ్చడి జాడీల వైపు చూశాను.

పేజీ తెరిచి చూస్తే నిజమే. మా ప్రకటన కిందనే ఆమె జాగ్రత్తగా ఉండమని రాసింది. మిగతావాళ్లు ఆమెకు దండం బొమ్మలు పెట్టారు. ఇంకొకామె సైటులో 'అవ్వ పసుపు' అని వెతికితే ఏమీ దొరకలేదట. దొరకదు మరి. అందరూ అవ్వ అని పిలిచే అక్క అత్తమ్మ చేసే ఆ పసుపుకు నేను 'ప్రీమియం పసుపు పొడి' అని పేరు పెట్టాను.

మరునాటి నుంచి నా పని నేనే విప్పడం మొదలుపెట్టాను. వస్తువులకు పేజీలో జనం పిలిచే పేర్లే పెట్టాను. పాత ఫొటోలే వేశాను, గిన్నెకున్న సొట్టతో సహా. ఖాతా తెరవాలి, పాస్‌వర్డు పెట్టాలి అనే గొడవ తీసేశాను; పేరు, ఫోను, చిరునామా ఇస్తే చాలు. ముందు డబ్బు కట్టమంటే భయపడతారు కాబట్టి సరుకు ఇంటికి వచ్చాక కట్టే వీలు ఉంచాను. ఆర్డరు పెట్టగానే అక్క నంబరు నుంచే సందేశం వెళ్లేలా చేశాను. కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్పమంటారా అని అడిగి, సరేనన్నవాళ్ల నంబర్లు మాత్రమే దాచుకున్నాం. 'మీ కార్టు ఖాళీగా ఉంది' అన్నచోట ఏం రాయాలని అడిగితే అక్క ఠక్కున చెప్పింది: "సంచి ఖాళీగున్నది, ఏమన్న వెయ్యి."

పాత పేజీలో ఆర్డర్లు అడగడాన్ని మాత్రం ఆపలేదు. ఆపాలనుకోవడమే నా తెలివితక్కువతనం. కామెంటులో ఎవరు పసుపు అడిగినా, అక్క పలకరించి, నేరుగా ఆ పసుపు దగ్గరికే వెళ్లే లింకు ఇచ్చేది.

ఆ శుక్రవారం లైవ్‌లో అక్క ఇంకో ఫోను పైకెత్తి సైటు చూపించింది. వెనకాల అవ్వ పసుపు జల్లెడ పడుతోంది. రెంజల్ ఆమె కామెంటులో పరీక్ష పెట్టింది: "నువ్వే అయితే మా ఇంటికి ఏ కారం పంపుతవో చెప్పు."

"సప్పటి కారం! మీ ఆయన నోరు మండుతదని నువ్వే అంటివి గదనే!"

ఆ మాటకు కామెంట్లలో నవ్వుల బొమ్మలు వరదలా పారాయి. ఆ లైవ్ అయ్యేలోపే మొదటి ఆర్డరు రెంజల్ నుంచి పడింది. తన హెచ్చరికను ఆమే తీసేసి, "అక్కదే, నేను జూసిన" అని రాసింది. దానంత పనిచేసిన ప్రకటన నేను ఇంతవరకు చేయలేదు.

మెల్లమెల్లగా పాతవాళ్లంతా వచ్చారు. మోస్రాలో ఒక పెద్దాయన మాత్రం రాలేదు. ఆయన ఇప్పటికీ గొంతు రికార్డు చేసి పంపుతాడు: "బిడ్డా, ఎప్పటి తీరుగనే." అక్క ఆయన పేరు మీద సైటులో తనే ఆర్డరు పెట్టుకుంటుంది. ఆయనకూ ఒక లింకు పంపుదామా అని అడిగాను.

"ఊకో చెల్లే," అంది అక్క. "ఆయన గొంతు ఇనకపోతే నాకే తోచది."