పన్ను తగిలిందంతే

మా వైపు కుక్క కరిచిందని ఎవరూ చెప్పరు. కండ ఊడి వేలాడితేనే కరిచినట్టు. తక్కినదంతా "పన్ను తగిలిందంతే". రాబర్ట్‌సన్‌పేటలోని ఆసుపత్రిలో కుక్కకాటు సూదులు వేసే గదిలో పన్నెండేళ్ళు పనిచేసిన నర్సును నేను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

పల్లెల్లో తిరిగే ఆశా కార్యకర్తలు గాయాల ఫోటోలు నా ఫోనుకు పంపుతారు. పిక్కలు, మోచేతులు, చీలమండలు. ముఖాలు ఉండవు. ఇంట్లో ఒక్కదాన్నే కాబట్టి అన్నం తింటూ అవే చూసేదాన్ని. ఒక పూట ఒక్క ఫోటో కూడా రాకపోతే కుక్కలు బుద్ధి తెచ్చుకున్నాయని సంతోషపడాలి కదా. నాకు మాత్రం ఏమీ తోచేది కాదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

అందరిలోకీ ఎక్కువ ఫోటోలు క్యాసంబళ్ళి నుంచి ఒక అమ్మాయి పంపేది. కొత్తలో ఆమె పంపినవాటిలో గాయం కనిపించేది కాదు. పసుపు కనిపించేది, సున్నం కనిపించేది, ఒకసారి ఒక పిల్లవాడి కాలి మీద కాఫీపొడి కనిపించింది. "ఇది గాయమా, ఊరగాయా?" అని తిట్టాను. ఆ పిల్లవాడి కాలు సబ్బుతో కడిగించి మళ్ళీ ఫోటో తీయమన్నాను. కడిగాక రెండు రంధ్రాలు బయటపడ్డాయి. పైకి ఆవగింజంత, లోపలికి ఎంతో ఎవరికి తెలుసు? కోరపన్ను సూదిలా దిగి బయటికి వచ్చేస్తుంది, పైన చర్మం మూసుకుంటుంది. రక్తం రెండు చుక్కలు కారి ఆగిపోతుంది. ఫోటో తీసేసరికి ఏమీ ఉండదు. ఫోటోలో వెడల్పు తెలుస్తుంది గానీ లోతు తెలియదు.

అందుకే ఆమెకు అడగవలసిన ప్రశ్నలు నేర్పించాను. చర్మం తెగిందా? ఒక్క చుక్కైనా రక్తం వచ్చిందా? పారే నీళ్ళకింద సబ్బుతో పావుగంట కడిగారా? కుక్క ఎక్కడుంది, దాని మీద కన్నేసి ఉంచగలరా? రక్తం రాని గీత అయినా సూది తప్పదు. రక్తం వస్తే సూదితోపాటు, అది పనిచేసేలోగా కాపాడే సీరం అనే మందు కూడా గాయంలోకే ఎక్కించాలి. ఫోటో చూసి "పర్వాలేదు, ఇంట్లోనే ఉండు" అని మాత్రం ఎవరికీ చెప్పకూడదు. జబ్బు బయటపడ్డాక చేయగలిగింది ఏమీ లేదు.

ఇంత నేర్పినదాన్ని నేనే.

చాంపియన్ రీఫ్స్‌లో గని కూలీలకు కట్టిన పాత లైన్లలో ఒక ఇంట్లో అద్దెకుంటాను. మా వరుసలో సగం ఇళ్ళకు తాళాలే. ఒక గోధుమరంగు వీధికుక్క రెండేళ్ళుగా నా గడప ముందు తింటోంది. దానికి పేరు పెట్టలేదు, "ఏమ్మా" అంటే వస్తుంది. రోజులో నేను డ్యూటీ బయట మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం దానితోనే.

ఒక ఆదివారం పొద్దున పెరుగన్నం పెట్టాను. అది తింటుండగా చీమలు పడుతున్నాయని కంచం పక్కకు జరపబోయాను. బొటనవేలి మొదట్లో చురుక్కుమంది. అది వెంటనే వెనక్కి తగ్గి చెవులు వాల్చింది. ఒక చుక్క రక్తం వచ్చింది. కొంగుతో తుడిచి, కుండలోని నీళ్ళు చేతిమీద పోసుకుని లోపలికి వచ్చేశాను.

నా తప్పే, తినేదాని ముందు చెయ్యి పెట్టాను అనుకున్నాను. అది పిచ్చిది కాదు, నా కుక్కే అనుకున్నాను. రెండేళ్ళుగా అన్నం తిన్నది నాకు కీడు చేస్తుందా అనుకున్నాను. ఆ గదిలో కూర్చుని వందలమంది నోట విని విసుక్కున్న మాటలే ఇవి. చెప్పేవాళ్ళకు లేకపోయినా వినేవాళ్ళకు బుద్ధి ఉండాలంటారు, ఇక్కడ చెప్పేదాన్నీ వినేదాన్నీ నేనే. దానికి సూదులు ఎవరూ వేయించలేదు. నేనూ ముందుగా ఎప్పుడూ వేయించుకోలేదు.

నిజం చెప్పాలంటే భయం వేరే. కరిచిందని రాయిస్తే దాన్ని ఎవరైనా పట్టుకుపోతారేమో. అప్పుడు గడప ముందు కూడా ఎవరూ ఉండరు.

రెండు గంటలు అలాగే కూర్చున్నాను. తర్వాత చేతికి ఫోటో తీశాను. చూస్తే ఏమీ లేదు. చిన్న చుక్క, దోమ కుట్టినంత. ఎవరికి పంపాలి? ఎవరికీ పంపనవసరం లేని మనిషిని కదా ఇన్నేళ్ళూ. క్యాసంబళ్ళి అమ్మాయికి పంపాను. ఒక్క మాటా రాయలేదు.

నిమిషంలో ఫోను మోగింది.

"ఎవురి చెయ్యక్కా ఇది?"

"ఎవరిదో ఒకావిడది."

"రక్తం వచ్చిందా?"

"ఒక చుక్క. పన్ను తగిలిందంతే అంటోంది."

"ఒక చుక్క వచ్చినా లోపలికి దిగినట్టే కదక్కా, నువ్వే చెప్పినావు. సబ్బేసి కడిగినాదా?"

"నీళ్ళు పోసుకుంది."

"నీళ్ళు చూపిస్తే కడిగినట్టా? చెయ్యంటే ఇంగా అపాయం, నరాలన్నీ ఆడే ఉండాయి. కుక్క యాడుండాది?"

"గడప ముందే పడుకుని ఉంది."

"ఇప్పుడే కడుక్కొని ఆసుపత్రికి పొమ్మనక్కా. ఆయమ్మకు తోడు ఎవురన్నా ఉండారా?"

"ఎవరూ లేరు. ఆ కుక్కే."

"అక్కా, అది నీ చెయ్యా?"

"అవును" అన్నాను.

"నువ్వు కొళాయికాడికి పో. ఫోను పెట్టొద్దు. పావుగంట నేను లెక్క చూస్తా."

ఆ పావుగంటా సబ్బు నురగలో చెయ్యి పెట్టుకుని ఫోను పక్కన పెట్టుకుని నిలబడ్డాను. వాళ్ళ పట్టుపురుగుల సంగతి, అత్తగారి మోకాలి నొప్పి సంగతి ఆమె చెబుతూనే ఉంది. ఆసుపత్రిలో నా వంతు వచ్చేసరికి ఆమె కూడా ఊరినుంచి బస్సులో వచ్చేసింది.

డాక్టరు వేలిని తిప్పి చూసి మూడో రకం అని రాశారు. అంటే పూర్తి వైద్యం. రెండు భుజాలకూ సూదులు, టెటనస్‌కు ఒకటి, చిన్న రంధ్రం చుట్టూ సీరం. బొటనవేలి దగ్గర చోటే లేదు, మందు ఎక్కుతుంటే ప్రాణం పోయినంత పనైంది. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే సూది పట్టుకుని "ఓర్చుకోమ్మా" అంది. క్యాసంబళ్ళి అమ్మాయి నా రెండో చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి ఎవరైనా పట్టుకుని ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు.

మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ సూదులు. కుక్కను ఎవరూ పట్టుకుపోలేదు. పది రోజులు దాన్ని కనిపెట్టి చూడమన్నారు, అంతే. ఆ పది రోజులూ సాయంత్రం ఆమె ఫోను చేసింది. "తింటా ఉండాదా? నీళ్ళు తాగుతా ఉండాదా?" అని కుక్క గురించి అడిగేది. తర్వాత "నువ్వు తిన్నావా అక్కా?" అనేది. ఏ కూర వండానో కూడా చెప్పేదాన్ని. ఒక్కదానికని మానేసిన పప్పుచారు ఆమెకు చెప్పడానికే ఒకరోజు చేశాను.

పదో రోజు కుక్క నిక్షేపంగా ఉంది. "బతికిపోతివక్కా" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

పదకొండో రోజు ఫోను రాలేదు. రావలసిన పని కూడా లేదు. దీపాలు పెట్టే వేళదాకా చూసి నేనే చేశాను.

"ఏమక్కా?" అంది ఆమె కంగారుగా. "ఇంగెవురినన్నా కరిచిందా?"

"లేదమ్మా" అన్నాను. "ఊరికే చేసినాను."