నాలుగో రోజు ఫిల్ము

నేను ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే డాక్టర్ని. శంషాబాద్ బస్టాండు దగ్గర ఒక స్కానింగ్ సెంటర్లో పదేళ్లుగా కూర్చుంటున్నాను. రోగుల ముఖాలు నాకు గుర్తుండవు. మోకాళ్లు, వెన్నుపూసలు, ఛాతీలు గుర్తుంటాయి. ఈ ఉద్యోగంలో ఉన్న సుఖమే అదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోను.

మా సెంటర్లో ఒక పద్ధతి ఉంది. నేనిచ్చే రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి అది అర్థం కాదు. అందుకని ఫిల్ము పెట్టే కవరు మీద కౌంటర్లో రబ్బరు స్టాంపు వేస్తారు. ఏమీ లేకపోతే ఆకుపచ్చ, ఏదైనా ఉంటే ఎరుపు. ఆకుపచ్చ స్టాంపు పడితే జనం అక్కడే దణ్ణం పెట్టుకుని ఆటో ఎక్కేస్తారు. ఈ పద్ధతి తానే కనిపెట్టానని మా యజమాని మురిసిపోతాడు. అబద్ధమెందుకు, నేనూ మెచ్చుకున్నాను.

ఆయన నాచేత మాన్పించింది కూడా ఒకటి ఉంది. పిల్లలకు జ్వరంతో పాటు కాలు నొప్పి అని చీటీ వస్తే, ఫిల్ము బాగున్నా సరే, రిపోర్టు చివర నేనొక వాక్యం రాసేదాన్ని. అనుమానముంటే ఇప్పుడే ఎంఆర్ఐ తీయించండి, కుదరకపోతే పది పద్నాలుగు రోజుల్లో మళ్లీ ఎక్స్‌రే తీయించండి అని. ఒకరోజు ఆయన నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. మాదీ ఆయనదీ గుంటూరు వైపే. చాలా మర్యాదగా మాట్లాడతాడు.

"ఏమీ అనుకోకండి డాక్టరుగారూ, ఆ చివరి వాక్యం మానేస్తే బావుంటుందండీ. అది చదివించుకుని జనం క్లినిక్కుల్లో గొడవ పెడుతున్నారట. మళ్లీ తీయాల్సిందైతే మొదట ఎందుకు తీశారని అడుగుతున్నారట. మనకు కేసులు పంపేవాళ్లు విసుక్కుంటున్నారండీ."

నేను రెండు రోజులు మొహం ముడుచుకున్నాను. మూడో రోజు మానేశాను. నా పౌరుషం అంతే.

ఆ తర్వాత వచ్చిన చీటీల్లో ఒకటి తొండుపల్లి నుంచి వచ్చిన పదేళ్ల పిల్లది. ఎడమ మోకాలి కింద నొప్పి, జ్వరం, నాలుగు రోజులుగా అని రాసి ఉంది. జ్వరం అన్న మాట చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి లేదు. ఫిల్ములో ఎముక నున్నగా, నిండుగా ఉంది. ఎముకలో దోషం కనబడలేదు అని మామూలు రిపోర్టు పంపేశాను. కవరు మీద ఆకుపచ్చ పడింది.

నాలుగో రోజున ఆ ఫిల్ము బాగుండకుండా ఎలా ఉంటుంది? ఎక్స్‌రే చూసేది ఎముకలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని. పిల్లల్లో సూక్ష్మక్రిములు రక్తంలో కొట్టుకొచ్చి, ఎముక పెరిగే చివర పక్కనుండే మెత్తటి భాగంలో ఆగుతాయి. మొదట అక్కడ మూలుగ వాస్తుంది, చీము పడుతుంది. పిల్ల నొప్పికి అల్లాడిపోతుంది. సున్నం మాత్రం ఇంకా ఎక్కడిదక్కడే ఉంటుంది. అది కరిగి, ఉన్నదాంట్లో మూడో వంతో సగమో పోతే తప్ప ఫిల్ము మీద తేడా కనబడదు. అందుకు పది రోజులో రెండు వారాలో పడుతుంది. చెదలు పట్టిన తలుపు చాలా రోజులు పైకి తలుపులాగే ఉంటుంది. ఎంఆర్ఐ అలా కాదు. అది వాపులోని నీటిని చూస్తుంది, కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లోనే పట్టేస్తుంది. ఇది నాకు పరీక్ష రాసిన రోజుల నుంచీ కంఠతా వచ్చు. కంఠతా వచ్చినదాన్నే మింగేశాను.

మూడు వారాలకు ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి తల్లి చంకనెత్తుకుని తెచ్చింది. ఆకుపచ్చ స్టాంపు చూసి క్లినిక్కులో బెణుకన్నారట, కట్టు కట్టారట, మధ్యలో ఐదు రోజులు జ్వరానికి ఏవో మాత్రలిచ్చారట. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎగబాకింది. కాలు వాచి మెరుస్తోంది. కొత్త ఫిల్ములో మోకాలి కింద ఎముక పురుగు కొట్టినట్టు చిల్లులు పడి ఉంది. దాని పక్కన పైపొర లేచి సన్నటి తెల్లగీత కట్టింది. ఈసారి పిల్లను పంపిన ఎముకల డాక్టరు అది చూసి వెంటనే ఎంఆర్ఐ రాశాడు. కింది అంతస్తులో మా మిషన్లోనే తీశారు. మూలుగ నిండా వాపు, పైపొర కింద చీముగడ్డ. చీము ఎదుగుదల పట్టీ దాకా పాకింది. కాలు పొడవు పెరిగేది ఆ పట్టీ నుంచే.

రిపోర్టు పట్టుకుని నేనే కిందికి వెళ్లాను. పిల్ల ఇంకా లోపలే ఉంది. బయట బెంచీ దగ్గర పిల్ల నాయనమ్మ కోడల్ని నిలబెట్టి కడిగేస్తోంది. కోడలు ఎయిర్‌పోర్టులో ఊడ్చే తుడిచే డ్యూటీ చేస్తుంది. ఆ నీలం యూనిఫారంలోనే ఉంది.

"గప్పుడు ఫోటువల ఏం లేకుండె. పచ్చ ముద్ర కొట్టిచ్చిండ్రు. మంచిగున్న కాలు గిట్లెట్లయింది? నువ్వు డ్యూటీ డ్యూటీ అని ఉరికితివి, పోరిని ఏడ జూసినవ్?"

ఘోరమేమిటంటే, కోడలు కూడా అదే నమ్ముతోందని ముఖం చూస్తే తెలిసిపోయింది. ఎవరి ముఖమూ గుర్తుండని నాకు ఆ ముఖం మాత్రం గుర్తుండిపోయింది. నన్ను చూడగానే ముందుకొచ్చింది.

"మేడం, నేను డ్యూటీకి పోకుండ ఇంటికాడ ఉండుంటే గిది రాకుండునా? జర నిజం చెప్పుండ్రి."

యజమాని కౌంటర్ దగ్గరే నిలబడి వింటున్నాడు. నాకు భయమేసింది. అయినా చెప్పాను.

"నీ తప్పేం లేదమ్మా. మొదటిసారి వచ్చిన రోజే కాల్లో జబ్బుంది. అంత తొందరగా ఎక్స్‌రేలో కనబడదు, రెండు వారాలు పడుతుంది. ఎంఆర్ఐ తీస్తే ఆ రోజే తెలిసేది."

యజమాని దగ్గాడు. ముసలమ్మ కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఆ వయసులో అత్తలు క్షమాపణ చెప్పే తీరు అదేనేమో. కోడలు మాత్రం ఏడవలేదు. నన్నే చూస్తోంది.

"ఫోటువల కనవడదని గా రోజు మీకు ఎరుకనా మేడం?"

"తెలుసు."

"ఎరుకుండి పచ్చ ముద్ర కొట్టిచ్చిండ్రా?"

స్టాంపు కౌంటర్లో వేస్తారు, నేను వేయను. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎంత నీచమైన మాటో అక్కడికొచ్చాక తెలిసి ఆగిపోయాను. ఇంతలో పిల్లను బయటికి తెచ్చారు. ఆ సాయంత్రమే సిటీలో పిల్లల దవాఖానలో చీము తీశారు. ఆరు వారాలు మందులు ఎక్కించారు, మింగించారు. ప్రాణం దక్కింది. ఎదుగుదల పట్టీ మాత్రం ఒక పక్క మూసుకుపోయింది. ఏడాది తిరిగాక కాళ్ల పొడవు కొలిచే ఫిల్ముకు మా దగ్గరికే పంపారు.

నేను మళ్లీ ఆ చివరి వాక్యం రాస్తున్నాను, యజమాని మొహం మాడ్చుకున్నా సరే. ఇప్పుడు రాయడం పెద్ద ఘనకార్యమేమీ కాదు. ఏడాది తర్వాత వచ్చిన ఆ ఫిల్మునూ నేనే చదివాను. ఎడమ కాలు పొట్టి, అర సెంటీమీటరు, తేడా ఇంకా పెరుగుతుంది అని రాశాను. తల్లి నా గది గుమ్మంలో నిలబడి, "ఈసారి అంతా రాసిండ్రా మేడం, ఏమన్న ఇడిసిపెట్టిండ్రా?" అని అడిగింది.