చదవకుండా పెట్టిన సంతకం

లెక్కల టీచర్ ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క పిల్లను కొట్టిన పాపాన పోలేదు. బోర్డు మీద భిన్నాలు వేస్తుంటే చివరి బెంచీలో కునికేవాళ్లు కూడా కళ్లు తెరిచేవారు. "మన టీచర్ లెక్క చెబితే కథ చెప్పినట్టుంటుంది" అని పెద్దయిపోయిన పిల్లలు దారిలో కనబడి చెప్పేవారు. ఆవిడ పైకి నవ్వేసి ఊరుకున్నా, లోపల మాత్రం ఆ మాట వారం రోజులు చప్పరించేది.

ఆ ఏడు వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేసరికి రెండో లెక్కల మాస్టారు లేడు. వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. "నెలలో కొత్తవాళ్లు వస్తారు, ఈలోగా మీరు కాస్త సర్దుకోండి టీచర్" అన్నాడు హెడ్మాస్టర్. కొత్తవాళ్లు రాలేదు. 'కాస్త' మాత్రం కొండంతయింది. నాలుగు సెక్షన్లు ఆరయ్యాయి. వారానికి ఇరవై నాలుగు పీరియడ్లు ముప్పై ఆరయ్యాయి. ఎవరు లీవు పెట్టినా వాళ్ల క్లాసులోకీ ఈవిడే వెళ్లాలి కాబట్టి, వారం తిరిగేసరికి నలభై ఒకటి తేలేవి.

సెక్షనుకు నలభై ఎనిమిది మంది. ఆరు సెక్షన్లంటే రెండు వందల ఎనభై ఎనిమిది నోటు పుస్తకాలు. ప్రతి పుస్తకమూ వారానికోసారి దిద్దాలని నియమం. పుస్తకానికి రెండు నిమిషాలేసుకున్నా తొమ్మిదిన్నర గంటలు దాటుతుంది. అది చాలదన్నట్టు మార్కులు రిజిస్టరులో ఒకసారి, యాప్‌లో ఒకసారి ఎక్కించాలి. తల్లిదండ్రుల ఫోను గ్రూపు రాత్రీ పగలూ లేకుండా టింగుమంటూనే ఉండేది. ఒకాయన తెల్లవారకముందే "మావాడి పుస్తకానికి అట్ట ఏ రంగు?" అని అడిగాడు.

మొదట ఆవిడకు నవ్వొచ్చేది. తర్వాత కోపమొచ్చేది. దసరా, దీపావళి అన్న తేడా తెలియకుండా నెలలు గడిచాక రెండూ రావడం మానేశాయి. నిజానికి ఆవిడ గమనించుకోవలసింది అదే. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చుంటే సోమవారం గొంతులో అడ్డం పడేది. కూర ఎలా ఉందని భర్త అడిగితే, ఏ కూర తిన్నదో గుర్తుండేది కాదు.

"ఏమిటోయ్, ఇంట్లోనూ క్లాసులో ఉన్నట్టే చూస్తావు, మనిషిని చూసినట్టు చూడవేం?" అన్నాడు ఒకరోజు ఆయన, నవ్వుతూనే.

"మనుషుల్ని చూసీ చూసీ కళ్లు అరిగిపోయాయి" అంది. ఆవిడ నవ్వలేదు.

పిల్లల్ని పేర్లతో పిలవడం మానేసింది. 'తొమ్మిది-బి వాళ్లు' అనేది. తర్వాత 'వీళ్లు' అనేది. స్టాఫ్ రూములో ఆ మాట మొదట విన్నది డ్రిల్లు మాస్టారు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. ఏళ్ల క్రితం మైదానంలోనే గుండె పట్టుకుని కూలబడి బతికి బయటపడ్డవాడు. "అమ్మా, మొహం పీక్కుపోతోంది, ఒకసారి డాక్టరుకు చూపించుకో" అన్నాడు. "తీరిక దొరికితే చూద్దాం మాస్టారూ" అందావిడ.

నవంబరులో 'ఒత్తిడిని జయించడం ఎలా' అని టీచర్లందరికీ శిక్షణ పెట్టారు. సెలవున్న శనివారం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊపిరి ఎలా పీల్చాలో, ఎలా వదలాలో చెప్పారు. చివర్లో, ఊపిరి పీలుస్తుండగా తీసిన ఫొటోలతో రెండు పేజీల నివేదిక సోమవారంలోగా యాప్‌లో ఎక్కించాలన్నారు. డ్రిల్లు మాస్టారు ఎంత నవ్వాడంటే, ఆయన ఫొటో మళ్లీ తీయాల్సి వచ్చింది.

అదిగో, ఆ నివేదిక రాసిన వారమే ఆవిడ పుస్తకాలు చదవడం మానేసింది. కావాలని మానలేదు. చెయ్యి ఆగలేదు, కన్ను ఆగిపోయింది. పేజీ తిప్పడం, ఎర్ర టిక్కు, సంతకం, తేదీ, మళ్లీ పేజీ. పుస్తకానికి ఇరవై సెకన్లు. కట్ట తరిగిపోతుంటే ప్రాణం కుదుటపడినట్టుండేది.

జనవరి రెండో వారంలో, మూడో పీరియడు నడుస్తుండగా ఒక తల్లి వచ్చింది. తొమ్మిది-బి లో పొట్టిజడ అని తోటివాళ్లు పిలిచే పిల్ల తల్లి. ఆ పిల్ల మూడు వారాలుగా రావడం లేదు. హాజరు పట్టీలో గైర్హాజరు వేస్తూ పోవడం తప్ప, ఎందుకు రావడం లేదని లెక్కల టీచర్‌కు తట్టలేదు. క్లాస్ టీచర్ కూడా ఆవిడే.

"టీసీ తీసుకెళ్దామని వచ్చానమ్మా" అంది తల్లి, వరండాలో నిలబడి. "మా అన్నయ్య ఇంటికి పంపించేశాం. అక్కడ కుట్టుపని నేర్చుకుంటోంది."

"అదేంటమ్మా, తెలివైన పిల్ల కదా. మధ్యలో మాన్పించడమేంటి?"

తల్లి ఆవిడ మొహంలోకి వింతగా చూసింది. సంచీలోంచి లెక్కల నోటు పుస్తకం తీసి ఒక పేజీ తెరిచింది.

వర్గ సమీకరణం కింద, పేజీ అడుగున, చిన్న అక్షరాలు. "టీచర్, రోజూ దారిలో ఒకతను నా వెంట పడుతున్నాడు. నిన్న చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్లో చెబితే బడి మాన్పిస్తారు. మీరు ఒక్కసారి నాతో మాట్లాడతారా?"

ఆ అక్షరాల మీదుగా ఎర్ర టిక్కు. పక్కన సంతకం. డిసెంబరు ఆరో తేదీ.

"పదిహేను రోజులు చూసిందట, మీరు పిలుస్తారని" అంది తల్లి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "తర్వాత మాకే తెలిసిపోయింది. టీచరే పట్టించుకోనప్పుడు మేమెవరికి చెప్పుకోవాలమ్మా? ఆడపిల్ల గలవాళ్లం, పరువు పోతుందని పంపించేశాం."

లెక్కల టీచర్ ఏదో చెప్పబోయింది. చెవుల్లో హోరు మొదలై, వరండా స్తంభాలు ఒకదానిలోకి ఒకటి జరిగినట్టనిపించింది. పడిపోతున్న ఆవిడను పట్టుకున్నది ఆ తల్లే.

ఆసుపత్రిలో రక్తపోటు చూసిన డాక్టరమ్మ మందు రాసి, కలం మూసి, "ఎన్నాళ్లుగా ఇలా ఉంది?" అని అడిగింది. లెక్కల టీచర్ పీరియడ్ల లెక్కతో సహా పుస్తకం సంగతంతా చెప్పింది. ఏడవలేదు. ఏడుపు రాకపోవడమే ఎక్కువ భయంగా ఉందని చెప్పింది.

"ఇది బద్ధకం కాదు, చెడ్డతనమూ కాదు" అంది డాక్టరమ్మ. "తేరుకునే వీల్లేకుండా నెలల తరబడి పని మీదపడితే ఒంట్లో సత్తువ పోతుంది. తర్వాత మనుషుల మీద మనసు పోతుంది. ఆఖరికి ఏం చేసినా దండగే అనిపిస్తుంది. మీకు మూడూ వచ్చాయి. మనసు డాక్టరును కూడా కలవండి, చీటీ రాసిస్తాను."

"ధ్యానం చెయ్యమంటారా?"

"చెయ్యండి, నిద్రకు మంచిది. కానీ ధ్యానం చేస్తే నలభై ఒక్క పీరియడ్లు ముప్పై కావు కదా! ముందు మీరు వారంలో చేసే పనులన్నీ గంటలతో సహా రాయండి. ఏది తగ్గించగలరో కాగితం మీద కనబడుతుంది."

సెలవు పది రోజులిచ్చారు. మొదటి రెండు రోజులు నిద్రే. మూడో రోజు పొద్దున్నే డ్రిల్లు మాస్టారిని వెంటబెట్టుకుని బడికెళ్లి, ఆ తల్లి వదిలి వెళ్లిన నోటు పుస్తకం హెడ్మాస్టర్ బల్ల మీద పెట్టింది. ఆయన చదివి పిల్ల ఇంటికి కబురు పంపాడు. ఆ మధ్యాహ్నమే పిల్ల తల్లిదండ్రులను కలుపుకుని పోలీసు స్టేషనుకు వెళ్లారు. తండ్రి ఫిర్యాదుకు ఒప్పుకోవడానికి రెండు గంటలు పట్టింది. పిల్ల వెంటపడ్డ మనిషిని పోలీసులు పట్టుకున్నారు. వాడు ఇంకో ఇద్దరు పిల్లల వెంట కూడా పడుతున్నాడని అప్పుడు తెలిసింది.

తర్వాత ఆవిడ పిల్లను చూడటానికి మేనమామ ఇంటికి వెళ్లింది. పొట్టిజడ కుట్టు మిషను ముందు నుంచి లేచి నిలబడింది.

"మీరు చదివారనుకున్నాను టీచర్."

"చదవలేదమ్మా."

"చదవకుండా సంతకం ఎలా పెట్టారు?"

ఎన్ని పీరియడ్లో, ఎన్ని పుస్తకాలో చెప్పడానికి నోటి దాకా వచ్చింది. ఆ లెక్క ఈ పిల్లకు అప్పజెప్పేది కాదని తోచి మింగేసింది. "తప్పు చేశాను. బడికి రా తల్లీ, నేను తోడుంటాను" అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ బాగానే ఉంది" అని మళ్లీ మిషను ముందు కూర్చుంది. మిషను చప్పుడు ఆవిడకు వీధి మలుపు దాకా వినిపించింది.

సెలవయ్యాక ఆవిడ వారం పాటు గంటలు రాసింది. అరవై రెండు తేలాయి. పీరియడుకు నలభై నిమిషాల చొప్పున, అందులో పాఠం చెప్పింది ఇరవై ఏడు. ఆ కాగితం చూసి హెడ్మాస్టర్, "నాకు తెలియదనుకున్నారా టీచర్? మనుషుల్ని పంపమని నాలుగు ఉత్తరాలు రాశాను. పుస్తకాలు దిద్దలేదని పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను?" అన్నాడు. ఆయన కళ్ల కింద కూడా నల్లగా ఉంది.

"దిద్దనివి కూడా దిద్దామని ఇప్పటిదాకా చెప్పాం. ఇకనుంచి దిద్దినవే చెబుదాం" అందావిడ.

పక్కనే కూర్చున్న డ్రిల్లు మాస్టారు అందుకున్నాడు. "ఆ లీవు పీరియడ్లు అందరికీ వంతులేసి పంచండి సార్. నాకూ రెండు వెయ్యండి. లెక్కలు రావు గానీ పిల్లల్ని మైదానంలో పరిగెత్తించగలను."

బేరం చాలా రోజులు నడిచింది. చివరికి లీవు పీరియడ్లు ఎవరికీ వారానికి రెండుకు మించకూడదన్నారు. మార్కులు ఒక్కచోటే ఎక్కిస్తే చాలన్నారు, రెండోది గుమాస్తా చూసుకుంటాడు. మామూలు లెక్కలు క్లాసులోనే బోర్డు చూసి పిల్లలు పక్కవాళ్లవి దిద్దుతారు. ఆవిడ వారానికి ఒక్క సెక్షను పుస్తకాలే తీసుకుంటుంది, కానీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతుంది. చదవని పేజీ మీద సంతకం ఉండదు. గురువారం ఆఖరి పీరియడు ఆవిడకు క్లాసు వెయ్యరు. ఎవరైనా వచ్చి ఏదైనా చెప్పుకోవచ్చు. ఫోను గ్రూపులో సాయంత్రం ఏడు తర్వాత జవాబుండదని ఆవిడే రాసింది. ఇద్దరు తల్లిదండ్రులు అలిగారు. మిగతావాళ్లు రెండు వారాల్లో అలవాటు పడ్డారు.

దీంతో అంతా బాగైపోయిందనుకుంటే పొరపాటు. సెక్షన్లు ఆరు ఆరుగానే ఉన్నాయి. రెండో లెక్కల మాస్టారి పేరు టైమ్‌టేబుల్లో ఇప్పటికీ ఖాళీ గడే. మాత్ర పొద్దున్నే వేసుకోవాలి. మార్చిలో సైన్సు టీచర్ రాజీనామా చేసింది. కారణం రాయమంటే 'అలసట' అని ఒక్క మాట రాసిందట. స్టాఫ్ రూములో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

లెక్కల టీచర్‌కు మధ్యాహ్నం అన్నం రుచి తెలుస్తోంది. వారంలో మూడు రోజులు తినగానే డ్రిల్లు మాస్టారితో కలిసి మైదానం చుట్టూ నాలుగు చుట్లు నడుస్తుంది. ఆయన బడి కబుర్లు ఎత్తనివ్వడు. మనసు డాక్టరు దగ్గర ఒకరోజు ఉన్నట్టుండి గంటసేపు ఏడ్చింది. పాఠం చెబుతుంటే అప్పుడప్పుడు పాత ఉత్సాహం కాసేపు వచ్చి పోతుంది. కొన్నాళ్లు అసలు రాదు. రానినాడు కూడా పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తుంది.

మొదటి గురువారం ఎవరూ రాలేదు. రెండోదీ అంతే. ఆవిడ తలుపు తెరిచి పెట్టుకుని పీరియడంతా ఊరికే కూర్చుంది. మూడో గురువారం ఏడో తరగతి పిల్ల ఒకతె గుమ్మం దాకా వచ్చి, కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడింది.

"టీచర్, లెక్కల డౌటు కాదు. పర్లేదా?"

"పర్లేదమ్మా. రా, కూర్చో" అంది లెక్కల టీచర్, కుర్చీ జరిపి.