కొట్టివేయని వరస

మజ్జి గంగునాయుడు గాజువాకలోని ఒక పైపుల కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా స్టోర్స్ చూస్తున్నాడు. ఏ మేకు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. కాగితాలంటే మాత్రం ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఆ ఏడు ఏప్రిల్లో పొదుపులు చూపిస్తే పన్ను తగ్గే పాత విధానమే కావాలని రాసిచ్చి, పొదుపుల వివరాలు మాత్రం ఎగ్గొట్టాడు. నెలనెలా జీతంలో పన్ను కోత పడుతూనే ఉంది.

జనవరిలో పొదుపుల రుజువులకు గడువు పెట్టారు. ఆఖరి రోజున పాలసీ రసీదు, ఇంటద్దె రసీదులు, ఇంట్లో పిల్ల లిఖిత ఇంటర్ ఫీజు రసీదు కలిపి, నెలవారీ కోతను మళ్లీ లెక్కకట్టమని కోరుతూ ఉత్తరం పట్టుకెళ్లాడు. ఉత్తరం రాసింది లిఖితే. ఆ పిల్ల అక్షరాలు చూస్తే ఆయనకు ఎప్పుడూ గర్వమే.

జీతాల సెక్షన్‌లో పార్వతీశం కాగితాలు తిరగేసి ఒకచోట ఆగాడు.

"ఏటి నాయుడూ, నలభైరెండు వేల ట్యూషన్ ఫీజా. రసీదులో తండ్రి పేరు తవిటినాయుడని ఉంది కదా."

"మా అన్నయ్య. పోయి పన్నెండేళ్లయింది. పిల్ల నా దగ్గరే పెరిగింది. నాన్నా అనే పిలుస్తాది."

"పిలుపు కాదయ్యా. సొంత పిల్లలకే చెల్లుతాది. దత్తత కాయితం ఉందా?"

లేదు. అప్పట్లో రాయించుకోమని అందరూ చెప్పారు. దత్తత తీసుకుంటే అన్న పేరు తుడిచిపెట్టుకుపోతుందని ఆయనే వద్దన్నాడు. ఆ పేరు ఇవాళ ఇలా అడ్డం పడుతుందని అనుకోలేదు.

"ఎంత పోతాది?"

"ఇది చెల్లితే పన్నులో ఎనిమిదివేల ఏడువందల ముప్పై ఆరు తగ్గేది. ఫిబ్రవరి, మార్చిలో ఆ మేరకు కోత తప్పదు. మిగతావన్నీ సరిపోయాయి, వాటి వరకు తగ్గిస్తాను. ఆ వరస కొట్టేసి పక్కన సంతకం పెట్టు."

గంగునాయుడు పెన్ను తీసుకున్నాడు. 'నా కుమార్తె లిఖిత కళాశాల ఫీజు' అన్న వరస గుండ్రంగా, పొందికగా ఉంది. డబ్బు పోయినందుకు బాధ ఉంది, కాదనలేం. అంతకన్నా అలసట ఎక్కువుంది. 'నా కుమార్తె' అన్న మాట మీద గీత గీయడానికి మాత్రం చేయి రాలేదు.

"తెల్లకాయితం ఒకటియ్యి, పార్వతీశం. మళ్లీ రాస్తాను."

"ఒక్క గీతకి ఉత్తరమంతా రాస్తావా?"

"రాస్తాను."

బల్ల చివర కూర్చుని, తన వంకర అక్షరాలతో, ఆ వరస లేకుండా ఉత్తరమంతా రాశాడు. పార్వతీశం తెప్పించిన టీ చల్లారిపోయింది. పార్వతీశం ముద్ర వేసి తీసుకున్నాడు.

సాయంత్రం గుమ్మంలోనే లిఖిత అడిగింది. "ఇచ్చేసావా నాన్నా? నా ఉత్తరంలో తప్పులేం పట్టలేదు కదా?"

"ఒక్కటీ లేదమ్మా," అన్నాడు గంగునాయుడు. పాత ఉత్తరం చొక్కా జేబులోనే ఉంది.