అమ్మ మొహం

నంద్యాలలోని నా ఫోటో స్టూడియోకు ఆళ్లగడ్డ నుంచి ఒకాయన, చనిపోయిన తల్లి నలుపు తెలుపు ఫోటో తెచ్చాడు. మర్నాడే సంవత్సరీకం, రంగుల్లో కావాలి. ఏఐ చేసిన బొమ్మ చూసి బిగుసుకుపోయాడు.

"ఎవురన్నా ఈమె?"

కంప్యూటర్లో పాత ఫోటోను పలుచగా దానిపై పరిచి చూశాను. ముక్కు సన్నబడింది, పెదవులు తగ్గాయి, చర్మం పాలరంగుకు తిరిగింది. ఎవరి మొహమిచ్చినా దీనికి ఒకటే అచ్చు! ఒళ్లు మండింది. ఏఐ ముట్టుకోకుండా మొహాన్ని మూసేసి, చిరిగిన అంచులే దానితో బాగుచేయించాను. మరి రంగు?

"అమ్మది ఏం రంగన్నా?"

"చామనచాయ," అని నసిగాడు. చెయ్యి చాపాడు. "కాదులే. నా మాదిరే, నలుపు."

ఆ చేతిని వెలుతురులో ఫోటో తీసి, ఆ రంగే అద్దాను. ఆయన తెరకు దగ్గరగా వంగి చూశాడు.

"ఇప్పుడు తిట్టేట్టుండాదన్నా, మాయమ్మ."