ఖాళీగా కనిపించిన జాబితా

శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్లో తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాను. ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లల పరీక్ష ఫీజులు, రైతుల పాస్‌బుక్కు కాగితాలు, పెన్షన్ దరఖాస్తులు, అన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి. ఫోన్‌లో యాప్ తీసేస్తే నెలనెలా పోయే డబ్బు ఆగిపోతుందనుకుని వచ్చేవాళ్లు వారానికి కనీసం నలుగురుంటారు. వాళ్లని చూసి నవ్వేదాన్ని. "యాప్ తీసినంత మాత్రాన ఆగదు నాయనా, కొన్నచోటే ఆపాలి" అని పాఠం చెప్పేదాన్ని. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా చెల్లిని నరసన్నపేట దగ్గర పల్లెలో ఇచ్చాం. టీచర్ ట్రైనింగ్ చేసింది. పెళ్లయ్యాక పుస్తకాలు అటక మీదకెక్కాయి. మళ్లీ టీచర్ పోస్టులు పడతాయని వినేసరికి దానికి ప్రాణం లేచొచ్చింది. ఫోన్‌లోనే క్లాసులు చెప్పే యాప్ ఒకటి ఉంది, నెలకింత అని కట్టాలి. దాని చేతిలో ఉన్నది మొగుడు వాడి వదిలేసిన ఫోన్. ఆ మొగుడు, మా మరిది, చెడ్డవాడు కాడు. "ఒక్క నెల సూడు, నచ్చితే అప్పుడు సూద్దాం" అన్నాడు. ఆ ఫోన్‌లోని యాప్ స్టోర్ ద్వారానే కొన్నారు. నెలనెలా దానంతటదే డబ్బు తీసుకునే అనుమతి ఆయన కొత్త ఫోన్‌కి వస్తే పిన్ కొట్టాడు. డబ్బు వెళ్లేది ఆయన బ్యాంకు ఖాతాలోంచే.

నెల తిరగకముందే పొలంలో వరి ఊడుపులు వచ్చాయి. మనుషులు దొరక్క ఆయనకి చిరాకు. చెల్లి పొలానికి క్యారేజీ పట్టుకెళ్లడం ఆలస్యమైందని ఒకరోజు మాట పెరిగింది. "ఇంక సాలు, ఆపీ" అన్నాడు. "ఆపేస్తాను" అంది అది. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

ఆదివారం వెళ్లాను. ఆయన పొలంలో ఉన్నాడు. చెల్లి అప్పటికే యాప్ తీసేసింది. నేను గొప్పగా, "అలా కాదే, ఉండు" అని ఫోన్ లాక్కున్నాను. స్టోర్ తెరిచి, సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లాను. ఏమీ లేవని చూపించింది. హమ్మయ్య, ఒక్క నెలకే అయిపోయిందన్నమాట అనుకున్నాను. అక్కడితో వదిలేశాను.

అంతకుముందు ఏడాది దరఖాస్తుల కోసం దానికో మెయిల్ తయారుచేసి ఆ ఫోన్‌లో పెట్టింది నేనే. మొగుడి మెయిల్ కూడా అందులోనే ఉంది, ఆయన ఫోన్ నంబర్లన్నీ దాంట్లో దాచుకున్నాడని ఎవరూ తీయలేదు. స్టోర్లో చూపించిన జాబితా నేను తయారుచేసిన మెయిల్‌ది. కొన్నది మాత్రం ఆయన మెయిల్‌తో. పైన మూలన ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కి రెండో ఖాతాకి మారి ఉంటే ఆ సబ్‌స్క్రిప్షన్ అక్కడ బతికే కనిపించేది. ఒక్క నొక్కు. వచ్చినవాళ్లందరికీ నేను చేసే మొదటి పనే అది. సొంత చెల్లికి చేయలేదు.

పైగా ఇంకో తెలివి చూపించాను. "నీ చదువు నేను చదివిస్తాను, ఇంట్లో చెప్పకు" అన్నాను. అదే కంపెనీ వెబ్‌సైట్లో నేరుగా కడితే స్టోర్లో కన్నా తక్కువే. దాని ఫోన్ నంబరుతోనే లాగిన్ చేసి, నా ఖాతాలోంచి నెలనెలా వెళ్లేలా పెట్టాను. యాప్ లేకుండా బ్రౌజర్లో చూసుకోమన్నాను. అది వంట చేస్తూ ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని పిల్లల మనస్తత్వ శాస్త్రం వినేది. మాక్ టెస్టుల మార్కులు నాకు పంపేది. దాని గొంతులో అంత హుషారు పెళ్లయ్యాక నేను వినలేదు.

ఊడుపులు ముగిశాక మరిది నెట్ సెంటర్‌కి వచ్చాడు. వెనకాల చెల్లి. నన్ను చూసి ఆయన ముఖం తేలికపడింది.

"వదినా, ఇదేటో సూడు. రెండు నెలలుగా డబ్బులు పోతన్నాయి. ముందురోజు మెసేజీ కూడా వస్తన్నాది, ఇంగ్లీషులో. ఊడుపుల్లో పడి సూసుకోనేదు."

చూశాను. స్టోర్ పేరు, అదే మొత్తం. ఒకే చదువుకి ఆయనా కడుతున్నాడు, నేనూ కడుతున్నాను. నా చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఆయన మెయిల్‌తో స్టోర్ తెరిచాను. జాబితాలో నిక్షేపంగా ఉంది. రద్దు చేశాను. కట్టిన నెల పూర్తయ్యేదాకా నడుస్తుంది, తర్వాత ఆగిపోతుందని వచ్చింది. మొన్న పోయిన డబ్బు వెనక్కివ్వమని స్టోర్‌కే అర్జీ పెట్టాను.

"యాప్ తీసేసినాను, ఆపేసినాను అన్నాది. మరి ఇదేటి?" అన్నాడు ఆయన, చెల్లి వైపు తిరిగి.

"నాను తీసేసినాను. ఒట్టు" అంది చెల్లి. అని నా వైపు చూసింది.

అప్పుడు చెప్పాలి. బాబూ, అది నిజమే చెప్తోంది, సరిగ్గా ఆపనిది నేను, ఆ ఆదివారం మీ ఇంటికొచ్చి ఫోన్ చూసింది నేను అని చెప్పాలి. చెబితే ఎందుకొచ్చావంటాడు. వెబ్‌సైట్లో నేను కడుతున్నది బయటపడుతుంది. అదొక్కటే కాదు. లైన్లో నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నాకు పని రాదని ఒప్పుకోవాలి. ఆ రెండోదే నా నోరు ఎక్కువ నొక్కిందేమో.

"యాప్ తీస్తే ఆగదు బాబూ. తెలీక సరిగ్గా ఆపి ఉండదు" అన్నాను.

తెలీక అన్నాను కదా, కాపాడాననుకున్నాను. ఆయనకి వినబడింది వేరు. ఆపకుండానే ఆపేశానని చెప్పి, రెండు నెలలు డబ్బు పోతుంటే చెల్లి నోరు విప్పలేదన్నది ఆయన లెక్క. "ఫోన్ ఇటియ్యి" అన్నాడు. తీసుకుని తెరిచాడు. బ్రౌజర్లో నిన్నటి క్లాసు అలాగే ఉంది. "ఆపేసినానన్నావు. ఇదేటే మరి?" అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండేది. నేను లైన్లో తర్వాతివాళ్ల కాగితం అందుకున్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

కొద్ది రోజులకి ఆ ఆఖరి నెల డబ్బు ఆయన ఖాతాకి తిరిగొచ్చింది. ముందు నెలది రాలేదు. అయినా ఆయన సంతోషపడి, వాళ్ల పెరట్లో కాసిన ఆనపకాయలు సంచీడు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "నువ్వు నేకపోతే ఆ డబ్బులు నీళ్లలో పోసినట్టే వదినా" అన్నాడు. చెల్లి ఎలా ఉందని అడిగాను. "దానికేటి, బాగానే ఉన్నాది. బటన్ల డబ్బా ఫోనొకటి కొనిచ్చినాను" అన్నాడు. ఆ కాయలు ఇంటికి తీసుకెళ్లడానికి నాకు చేతులు రాలేదు. పక్క జెరాక్స్ షాపావిడకి ఇచ్చేశాను.

ఆ డబ్బా ఫోన్ నుంచి చెల్లి ఒక్కసారే చేసింది. తిడుతుందనుకున్నాను. ఏదో చెప్పబోయాను, వచ్చి ఆయనకి అంతా చెప్పేస్తానే అన్నాను.

"ఇప్పుడెందుకే" అంది. "ఆ రోజు నువ్వు సెప్తావేమోనని సూసినాను."

నేను మళ్లీ ఏదో అనబోతే అదే అందుకుంది.

"నీ ఖాతాలోంచి పోతన్నది కూడా ఆపీ అక్కా. నాను సూడట్నేదు గదా. ఈపాలి సరిగ్గా సూసుకుని నొక్కు."

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి వెబ్‌సైట్ తెరిచాను. దాన్ని ఆపడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.